మెటర్నిటీ లీవు అయిపోతోంది, ఇంట్లో అందరూ ఉద్యోగం మానేయమంటున్నారు. ఏం మాట్లాడుకోవాలి?

లంకగాలి
నమస్తే అండి అందరికీ. కొంచెం పెద్ద పోస్టు, ఓపిగ్గా చదవండి. నేను భీమవరం దగ్గర రొయ్యల ఎక్స్‌పోర్ట్ ప్లాంట్‌లో క్యూసీ ల్యాబ్‌లో చేస్తాను. మైక్రోబయాలజీ చదివాను, ఇక్కడ చేరి నాలుగేళ్లు దాటింది, అంతకుముందు కాకినాడ వైపు ఇంకో ప్లాంట్‌లో మూడేళ్లు చేశాను. మా వారు ఫీడ్ కంపెనీలో టెక్నీషియన్, ఉండి, కాళ్ళ, ఆకివీడు వైపు చెరువులన్నీ బండి మీద తిరుగుతారు. మొదటి కానుపు కదా, ఏడో నెలలో పుట్టింటికి రాజోలు వైపు వెళ్లాను, బాబు పుట్టాక అక్కడే ఉండి ఈ మధ్యే భీమవరం వచ్చాను. 26 వారాల లీవులో ఆరు వారాలు డెలివరీకి ముందే వాడేశాను కాబట్టి లీవు అయ్యేసరికి బాబుకి నాలుగున్నర నెలలు ఉంటాయి అంతే, ఇంకో నెలలో జాయిన్ అవ్వాలి.

ఇప్పుడు ఇంట్లో ఒకటే మాట. అమ్మ రాలేదు, అక్కడ నాన్నకి ఒంట్లో బాలేదు. అత్తయ్య గారికి మోకాళ్ల నొప్పులు, పైగా ఆవిడ ఊళ్లో ఉంటారు. ఆయాని అడిగితే నెలకి పదకొండు వేలు అంది. నాకు చేతికి వచ్చేది 31 వేలు. మా వారు కాగితం మీద లెక్క వేసి చూపించారు, ఆయాకి పదకొండు, పాల డబ్బా అదీ ఇదీ మూడు వేలు, పోగా మిగిలేది పదిహేడు, ఈ పదిహేడు కోసం బిడ్డని పరాయి మనిషి చేతిలో పెట్టాలా, బాబు స్కూల్‌కి వెళ్లాక మళ్లీ చేరొచ్చుగా అని. ఆయన చెడ్డ మనిషి కాదండి, కోపంగా కూడా అనలేదు. లెక్క చూస్తే నాకూ కరెక్టే అనిపిస్తోంది, కానీ మనసు ఒప్పుకోవట్లేదు. ఇలాంటి చోట మీరు ఏం మాట్లాడుకున్నారో చెప్పండి.

రిటైర్డు_పంతులమ్మ
అమ్మా, రాజీనామా మాత్రం చెయ్యకు. నేను పాలకొల్లు దగ్గర ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఇద్దరు పిల్లల్నీ మా అత్తగారే పెంచారు, ఆవిడ లేకపోతే నా ఉద్యోగం ఉండేది కాదు. ఇప్పుడు గవర్నమెంటు వాళ్లు చైల్డ్ కేర్ లీవు అని 730 రోజులు ఇస్తున్నారుగా, అది పెట్టుకో. రెండేళ్లు హాయిగా బాబుని చూసుకుని తర్వాత వెళ్లు.

భీమవరం_హెచ్‌ఆర్
పంతులమ్మ గారూ, ఆ 730 రోజులు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకండి, అది కూడా సర్వీసు మొత్తం మీద. ప్రైవేటు ఫ్యాక్టరీలో చేసే అమ్మాయికి అది లేదు. ఈవిడకి చట్టప్రకారం ఉన్నది మెటర్నిటీ బెనిఫిట్, 2025 నవంబరు నుంచి అది సోషల్ సెక్యూరిటీ కోడ్ కిందకి వచ్చింది, మొదటి ఇద్దరు పిల్లలకీ 26 వారాలు, అందులో డెలివరీకి ముందు ఎక్కువలో ఎక్కువ 8 వారాలు వాడుకోవచ్చు. భర్తకి అయితే ప్రైవేటులో పెటర్నిటీ లీవు ఇవ్వాలని చట్టమే లేదు, కంపెనీ దయ. అందుకే ఆయన వాడాల్సింది ఆయన సొంత లీవులే.

లంకగాలి గారూ, నేను ఇరవై ఏళ్లుగా హెచ్‌ఆర్‌లో ఉన్నాను, ప్లాంట్లలోనూ చేశాను, మీలాంటి రాజీనామాలు చాలా చూశాను. డెలివరీ రోజున ఎవరూ ఉద్యోగం వదలరండి. లీవు అయ్యే ముందు ఆఖరి రెండు మూడు వారాల్లో వదులుతారు, ఎందుకంటే అప్పటికి బిడ్డ పని మొత్తం ఒక్కరి చేతికే అలవాటైపోయి ఉంటుంది, ఆ ఒక్కరు ఆఫీసుకి వెళ్తే ఇల్లంతా ఆగిపోతుందన్నట్టు కనిపిస్తుంది. మీ వారు వేసిన లెక్క గురించి సాయంత్రం వివరంగా రాస్తాను, అందులో తప్పు ఉంది.

చెరువుగట్టు
ఆయా పదకొండు వేలు ఎక్కువండి. మా ఊళ్లో ఎనిమిది వేలకి వస్తారు, పొద్దున్న ఎనిమిదికి వచ్చి సాయంత్రం ఆరింటికి వెళ్తారు. కావాలంటే వీరవాసరం వైపు అడగండి, మా చుట్టాల ద్వారా ఒకావిడ ఉంది.

లంకగాలి
థాంక్యూ అన్నయ్య గారూ, కానీ ఆయా దొరకడం గురించి కాదండి నా ప్రశ్న. ఎనిమిది వేలైనా పదకొండు వేలైనా అది నా జీతం లోంచే తియ్యాలని ఎందుకు అనుకుంటున్నాం అనేది నాకు ఇప్పుడిప్పుడే తడుతోంది.

భీమవరం_హెచ్‌ఆర్
అదేనండి నేను చెప్పబోయేది, మీరే అనేశారు.

ఆయా ఇద్దరికీ పుట్టిన బిడ్డకి. ఆ పద్నాలుగు వేలు మీ ఇద్దరి జీతం లోంచి పోవాలి. మీ వారి జీతం ఎంతో చెప్పలేదు, 43 వేలు అనుకుందాం. ఇద్దరూ చేస్తే 74, పద్నాలుగు పోతే ఇంట్లోకి 60 వేలు. మీరు మానేస్తే 43. అప్పుడు తేడా ఆయన చెప్పిన పదిహేడే కదా అంటారు, అంకె అదే, కానీ ఆ అంకె ఎవరి మీద పెట్టి చూస్తున్నారు అనేదాన్ని బట్టి నిర్ణయం మారిపోతుంది. "నీ జీతంలో సగం ఆయాకే పోతోంది" అన్నప్పుడు మీ ఉద్యోగం దండగ లాగా కనిపిస్తుంది. ఆయన జీతంలోంచి తీస్తే ఎవరూ ఆయన్ని మానేయమనరు కదా.

రెండోది, ఆ కాగితం మీద చేతికొచ్చే జీతం ఒక్కటే ఉంది. మీ బేసిక్ 18 వేలు అనుకుంటే నెలకి 2,160 మీ నుంచి, 2,160 కంపెనీ నుంచి పీఎఫ్ లెక్కలో పడుతుంది. కంపెనీ వాటాలో 1,250 పెన్షన్ ఫండ్‌కి వెళ్తుంది. ఆ పెన్షన్ రావాలంటే పదేళ్ల సర్వీసు ఉండాలి. మీకు కాకినాడ మూడు, ఇక్కడ నాలుగు, ఏడేళ్లు దాటాయి, ఇంకా మూడేళ్లు కూడా లేవు. పాత పీఎఫ్ ఒకే యూఏఎన్ మీదకి మార్చారో లేదో ముందు చూసుకోండి. మానేసిన వాళ్లలో ఎక్కువమంది చేసేది ఏంటంటే ఇంట్లో అవసరమని పీఎఫ్‌తో పాటు పెన్షన్ డబ్బు కూడా తీసేస్తారు, దాంతో ఆ సర్వీసు కూడా పోతుంది, అయిదేళ్ల తర్వాత చేరితే మళ్లీ సున్నా నుంచి మొదలు.

మూడోది గ్రాట్యుటీ. అయిదేళ్లు నిండాలి. పదిహేను రోజుల జీతం చొప్పున ఏడాదికి, 18 వేల బేసిక్ మీద అయిదేళ్లకి దాదాపు 52 వేలు. మీరు వచ్చే నెల రాజీనామా ఇస్తే అది రూపాయి రాదు. మెటర్నిటీ లీవు 26 వారాలు సర్వీసు లోకే వస్తుంది కాబట్టి మీకు అయిదేళ్లు నిండడానికి ఏడాది లోపే ఉంటుంది. "కనీసం గ్రాట్యుటీ నిండేదాకా ఉందాం" అని చాలామంది ఇళ్లలో ఒప్పించగలిగారు, ఎందుకంటే అది వాదన లాగా ఉండదు, డబ్బు మాట లాగా ఉంటుంది. ఆ ఏడాదిలో బిడ్డ పెద్దవుతాడు, ఆయా కుదురుకుంటుంది, అప్పుడు మానేయాలని ఎవరికీ గుర్తుండదు.

లీవులో ఉండగా రాజీనామా మీద సంతకం పెట్టొద్దు. ముందు జాయిన్ అవ్వండి, తర్వాత ఆలోచించుకోండి. లీవులో ఉన్న మనిషిని తీసేయడం చట్టప్రకారం కుదరదు, కాబట్టి కొంతమంది మేనేజర్లు నయాన రాజీనామా ఇప్పించుకుంటారు. అడిగితే "మెయిల్‌లో పెట్టండి సార్" అనండి చాలు.

షెడ్డు_సూపర్‌వైజర్
హెచ్‌ఆర్ గారు చెప్పింది ల్యాబ్ వాళ్లకి సరిపోద్దండి. మా పీలింగ్ షెడ్డులో ఉన్నోళ్లు అందరూ కాంట్రాక్టరు కింద. నలుగురు పురుటికి వెళ్తే ఒక్కరు కూడా లీవు డబ్బులు తీసుకుని తిరిగి రాలేదు నేను చూసినంత వరకు. కాంట్రాక్టరు మధ్యలో పేరు తీసేసి రెండు నెలలు ఆగాక కొత్త పేరుగా ఎక్కిస్తాడు, సర్వీసు కనపడదు. ఈఎస్‌ఐ కార్డు ఉంటది గానీ అందులో రోజులు ఎన్ని పడ్డాయో ఎవరూ చూసుకోరు. నా చెల్లెలికే జరిగింది, పురుడు వచ్చాక ఆఫీసుకి వెళ్తే రోజులు చాల్లేదన్నారు. వీళ్లకి ఎవరు ఏం చెప్తారు. మొగుడూ పెళ్లాం కూర్చుని మాట్లాడుకుంటే తెగే విషయం కాదు ఇది.

భీమవరం_హెచ్‌ఆర్
మీరన్నది నిజం, దానికి ఇంట్లో మాట్లాడుకోవడం సరిపోదు. ఒక్క విషయం చెప్తాను. ఈఎస్‌ఐ నెల జీతం 21 వేల లోపు ఉన్నవాళ్లకి, అందులో 26 వారాల మెటర్నిటీ డబ్బులు రావాలంటే డెలివరీకి ముందున్న రెండు కాంట్రిబ్యూషన్ పీరియడ్‌లలో, అంటే రెండు ఆరు నెలల విడతల్లో కలిపి 70 రోజులు కట్టి ఉండాలి. కాబట్టి గర్భం అని తెలియగానే మీ షెడ్డులో వాళ్లని ఈఎస్‌ఐ నంబరు పెట్టి ఎన్ని రోజులు పడ్డాయో చూసుకోమనండి, పురుడయ్యాక కాదు. కాంట్రాక్టరు పేరు మార్చినా ఈఎస్‌ఐ నంబరు పాతదే వాడమని పట్టుబట్టాలి. అంతకు మించి ఇక్కడ కూర్చుని నేను చెప్పగలిగేది లేదు.

నర్సు_నరసాపురం
అమ్మాయీ, నాలుగున్నర నెలలకే వెళ్లాలంటే పాల సంగతి ముందు తేల్చుకోవాలి. ఆరు నెలలు నిండే వరకు తల్లిపాలే ఇవ్వమంటాం కదా, మరి ఆ నెలన్నర ఏం చేస్తావు? డబ్బా పాలు అని లెక్కలో మూడు వేలు ఎందుకు పడ్డాయో ఆలోచించు. పాలు పిండి దాచొచ్చు. గది చల్లగా ఉంటే నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో అయితే నాలుగు రోజులు ఉంటాయి. కానీ మన దగ్గర మే నెల్లో గది చల్లగా ఎక్కడ ఉంటుంది, కరెంటు పోతే ఇంకా కష్టం, కాబట్టి బయట పెట్టకుండా తీసిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టు, ప్లాంట్ నుంచి ఇంటికి ఐస్ ప్యాక్ ఉన్న బ్యాగ్‌లో తెచ్చుకో. జాయిన్ అవ్వడానికి రెండు వారాల ముందే మొదలుపెట్టి, ఆ సీసా నువ్వు కాక బాబు నాన్న పట్టాలి. నువ్వు పక్కనే ఉంటే బాబు సీసా పట్టుకోడు, నీ వాసన తెలుస్తుంది. నువ్వు బయటికి వెళ్లి గంట తిరిగి రా.

చట్టంలో బిడ్డకి 15 నెలలు వచ్చే వరకు రోజుకి రెండు సార్లు పాలివ్వడానికి బ్రేక్ ఉంది. ఆ టైములో పాలు తీసుకోవడానికి గది అడుగు. బాత్రూమ్‌లో తియ్యొద్దు.

లంకగాలి
నర్సు గారూ ఇది ఎవరూ చెప్పలేదు నాకు. మా ప్లాంట్‌లో క్రెష్ అని బోర్డు ఉన్న గది ఒకటి ఉందండి, లోపల ప్యాకింగ్ కార్టన్లు పేర్చి ఉంటాయి, తాళం సెక్యూరిటీ దగ్గర ఉంటుంది. ఇన్‌స్పెక్షన్ రోజున ఖాళీ చేసి బొమ్మలు పెడతారు.

భీమవరం_హెచ్‌ఆర్
50 మంది, అంతకు పైన పనిచేసే చోట క్రెష్ ఉండాలి, తల్లి రోజుకి నాలుగుసార్లు వెళ్లి చూడొచ్చు. మీ ప్లాంట్‌లో వందల మంది ఉంటారు. మీరొక్కరే అడిగితే "మీ ఒక్కరి కోసం ఎలా తెరుస్తాం" అంటారు, షెడ్డులో చిన్నపిల్లలున్న ఆడవాళ్ల పేర్లు కలిపి రాతపూర్వకంగా ఇవ్వండి. కానీ నిజం చెప్పాలంటే తెరిచినా చూసే ఆయా మంచిది కాకపోతే, ప్లాంట్‌లో ఆ అమోనియా, తడి, చలి మధ్య మీరే బిడ్డని తీసుకెళ్లడానికి ఇష్టపడకపోవచ్చు. ముందు గది చూసి నిర్ణయించుకోండి.

కొబ్బరాకు
నేను తణుకులో ఉంటాను, మగాడిని, మా పాపకి మూడేళ్లు. మా ఆవిడ బ్యాంకులో చేస్తుంది. మా ఇంట్లో పని అయింది కాబట్టి చెప్తున్నాను, అన్ని ఇళ్లలో అవుతుందని కాదు.

మన వైపు మొదటి కానుపు పుట్టింట్లో అవుతుంది కదా. నేను కూడా ఆదివారం ఆదివారం చించినాడ వంతెన దాటి వెళ్లి పాపని చూసి, పది నిమిషాలు ఎత్తుకుని, భోజనం చేసి వచ్చేసేవాడిని. మామగారింట్లో అల్లుడి చేతికి తడిగుడ్డ ఎవరిస్తారండి. మూడు నాలుగు నెలల తర్వాత వాళ్లు మన ఇంటికి వచ్చేసరికి ఆవిడకి పాప ఏడుపు విని ఆకలో నిద్రో చెప్పే అంత వచ్చేసింది, నాకు డైపర్ ఏ వైపు పెట్టాలో తెలీదు. ఏం చేసినా తప్పు చేస్తుంటే "నువ్వు వదిలెయ్ నేను చూసుకుంటా" అంటుంది, నేను వదిలేస్తాను. అలా నాలుగు వారాలు గడిస్తే ఇక పని ఆవిడదే అయిపోతుంది, నేను సాయం చేసేవాడిని అయిపోతాను. ఇదంతా ఎవరూ అనుకుని చేసింది కాదు.

అందుకని మేము చేసింది ఏంటంటే, ఆవిడ డ్యూటీలో చేరిన రోజు నుంచి నేను ఎర్న్‌డ్ లీవు పెట్టి వారం పైన ఇంట్లో ఉన్నాను, ఆవిడ ఇంట్లో లేకుండా. డెలివరీ అప్పుడు లీవు పెట్టి ఉపయోగం లేదు, అప్పుడు ఇంటినిండా జనం ఉంటారు. ఒంటరిగా పాపతో ఉన్నప్పుడే ఎప్పుడు ఏం కావాలో తెలిసింది, ఎవరినీ అడగడానికి లేదు కాబట్టి. ఆయాకి పని నేర్పింది కూడా ఆ వారంలో నేనే, కాబట్టి ఆయా ఫోన్లో మొదటి నంబరు నాది. ఇది చిన్న విషయం లాగా కనిపిస్తుంది గానీ, పాపకి మోషన్స్ అయ్యాయి అని మధ్యాహ్నం ఫోను వచ్చేది నాకు, క్యాష్ కౌంటర్లో ఉన్న ఆవిడకి కాదు.

తర్వాత "సాయం" అనే మాట తీసేసి కొన్ని పనులు పూర్తిగా నావి అనుకున్నాం. టీకా కార్డు నాది. తొమ్మిది నెలలకి మీజిల్స్ టీకా ఎప్పుడు, ఏ రోజు లీవు పెట్టాలి, పారాసెటమాల్ చుక్కలు ఇంట్లో ఉన్నాయా, అన్నీ నేనే గుర్తుపెట్టుకోవాలి, ఆవిడ గుర్తు చెయ్యకూడదు. జ్వరం వస్తే మొదటి రోజు లీవు నాది, రెండో రోజు ఆవిడది, మళ్లీ నాది.

చెరువుగట్టు
తమ్ముడూ, నువ్వు చెప్పింది ఆఫీసు ఉద్యోగానికి కుదురుద్ది. నాకు పద్దెనిమిది ఎకరాల చెరువులు. మా ఆవిడ కూడా ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేది, పాప పుట్టాక మానేసింది. నేను మానేయమని అనలేదు, కానీ నేను చూడలేనని మాత్రం చెప్పాను. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోద్ది, రొయ్య నీటి మీదికి తేలిందంటే గంటలో పంట పోద్ది, ఏరియేటర్లు చూసుకోవాలి, కరెంటు పోతే జనరేటర్ ఎక్కించాలి. పంట మీద అప్పు ఉంది. జ్వరం వచ్చిందని చెరువు వదిలి ఇంట్లో కూర్చుంటానా? ఎవరో ఒకరు మానాలి కదా, తక్కువ వచ్చేవాళ్లే మానతారు, అది ఇంట్లో ఎవరిదైనా. నా మాట తప్పనుకుంటే చెప్పండి.

కొబ్బరాకు
అన్నా, చెరువు మీద అప్పు ఉన్నప్పుడు రాత్రుళ్లు మీరు ఇంట్లో ఉండలేరు, ఒప్పుకుంటాను. కానీ ఆక్సిజన్ పడేది తెల్లవారుజామున అని మీరే అన్నారు. సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది వరకు మీరు ఎక్కడ ఉంటారు? ఆ నాలుగు గంటలు పాప మీదైతే వదిన స్కూల్ ఉద్యోగంలో ఉండి పేపర్లు దిద్దుకునేది. మొత్తం పగలు కాదు, ఏ గంటలు ఎవరివి అని అడగడం.

చెరువుగట్టు
సాయంత్రం మేత వేసే టైము. చెక్ ట్రేలు చూడాలి.

కొబ్బరాకు
మరి మేత వేసే కుర్రాడు ఉన్నాడుగా.

చెరువుగట్టు
ఉన్నాడు. వాడి మీద వదిలితే మేత ఎక్కువ వేసేస్తాడు, అడుగున కుళ్లిపోద్ది. ఈ వాదన ఇక్కడ తేలదులే తమ్ముడూ.

అమలాపురం_అత్త
నేను అత్తగారిని, అందరూ మమ్మల్ని విలన్లని చేసి మాట్లాడతారు కాబట్టి నా మాట కూడా చెప్తాను. "బిడ్డ ముఖ్యమా జీతం ముఖ్యమా" అని నేనూ అన్నాను మా కోడలితో. ఎందుకు అన్నానో ఎవరూ అడగరు. ఉద్యోగం మానకపోతే బిడ్డని చూడమని నాకే వస్తుందని నాకు తెలుసు. అరవై రెండేళ్లు నాకు, మా ఆయనకి పక్షవాతం వచ్చింది, ఆయన్ని లేపి కూర్చోబెట్టేది నేనే. ఇంకో పసిబిడ్డని పొద్దున్నించి సాయంత్రం దాకా ఎలా చూడను? కాదు అంటే మనవడి మీద ప్రేమ లేదంటారు. అందుకని "మానెయ్" అన్నాను.

మా అబ్బాయి వచ్చి అమ్మా నీకు ఎన్ని గంటలు కుదురుద్దో చెప్పు, రోజూ కాదు, బుధవారం శుక్రవారం మధ్యాహ్నం ఆయాకి తోడుగా రెండు గంటలు కూర్చో చాలు, నాన్నకి ఆ టైములో మనిషిని పెడతాను అన్నాడు. దాంతో నా మాట మారింది. మీ అత్తగారిని కూడా "మీరు చూస్తారా చూడరా" అని అడక్కండి, గంట లెక్కన అడగండి, బిడ్డని చూసినందుకు వచ్చే నెల ఆవిడ మోకాళ్ల డాక్టరు ఖర్చు మీరు పెట్టుకోండి. ఊరికే చెయ్యమంటే ఎవరికైనా భారంగానే ఉంటది.

రిటైర్డు_పంతులమ్మ
వదినా, మా అత్తగారిని నేను ఆ మాట ఎప్పుడూ అడగలేదు. ఆవిడ చేస్తుంది అనుకున్నాను అంతే.

గట్టు_మీద_పిల్ల
నాకింకా పెళ్లి కాలేదు, చదువుకుంటున్నాను, ఒక మాట. కేంద్రం వాళ్లు చేసిన 2024 టైమ్ యూజ్ సర్వేలో ఇంటి పని చేసేవాళ్లలో ఆడవాళ్లు దాని మీద రోజుకి సగటున 289 నిమిషాలు, మగవాళ్లు 88 నిమిషాలు అని వచ్చింది, అది బిడ్డల పని కాకుండా. కాబట్టి బిడ్డ పనిని సగం సగం చేసుకున్నా వంట, బట్టలు అలాగే ఉంటే అక్క ఎలాగూ అలిసిపోతుంది. జాయిన్ అయ్యే ముందు వంట గురించి కూడా మాట్లాడాలి అనిపిస్తోంది.

భీమవరం_హెచ్‌ఆర్
మంచి పాయింట్. చేరిన రెండో మూడో నెలలో రాజీనామాలు వచ్చేది ఇందుకే. జాయిన్ అవుతారు, ఉదయం నాలుగింటికి లేచి వంట చేసి, పాలు పిండి, ప్లాంట్‌కి వెళ్లి, వచ్చి మళ్లీ వంట, రాత్రి బాబు లేస్తే మళ్లీ తనే లేచి, చివరికి ఏడుస్తూ నా దగ్గరకి వస్తారు. అప్పుడు ఇంట్లో అంటారు "మేం చెప్పాంగా కుదరదని". అసలు కుదరనిది ఉద్యోగం కాదు, ఉద్యోగంతో పాటు పాత పని ఒక్క గంట కూడా తగ్గించకపోవడం. అందుకే చేరిన తర్వాత ఆరో వారానికి ఇద్దరూ కూర్చుని చూసుకోవాలని ముందే తేదీ పెట్టుకోండి. రాత్రి నిద్ర వరసగా నాలుగు గంటలు ఇద్దరికీ వస్తోందా అనేది చూడండి, ఒకరికే రాకపోతే పంపకం ఎక్కడో తప్పు ఉందని అర్థం.

ఇంకోటి, ఇంటి నుంచి పని గురించి. టెస్టులు ఇంట్లో చెయ్యలేరు, కానీ ల్యాబ్‌లో కాగితాల పని చాలా ఉంటుంది కదా, ట్రేసబిలిటీ రికార్డులు, ఆడిట్ ఫైళ్లు. చట్టంలో లీవు అయ్యాక పని స్వభావాన్ని బట్టి ఇద్దరి ఒప్పందంతో ఇంటి నుంచి చెయ్యొచ్చని ఉంది. బలవంతం చెయ్యలేరు, అడగొచ్చు. "వారానికి ఒక రోజు, మూడు నెలలు, ఈ ఫైళ్లు నేను పూర్తి చేస్తాను" అని ఏం పనో రాసి అడిగితే కాదనడం వాళ్లకి కష్టం.

లంకగాలి
అందరికీ చాలా థాంక్స్ అండి. నిన్న రాత్రి ఆయనతో కూర్చున్నాను, ఈ చర్చ చదివి వినిపించాను కూడా. ముందు కొంచెం ముభావంగా ఉన్నారు, "నేనేదో నిన్ను మాన్పించడానికి చూస్తున్నట్టు రాశావు" అన్నారు. గ్రాట్యుటీ అంకె, పీఎఫ్ పదేళ్ల మాట చూసి మాత్రం ఫోన్ తీసుకుని స్వయంగా నా పాస్‌బుక్ తెరిచారు, కాకినాడ కంపెనీది ఇంకా బదిలీ కాలేదని తెలిసింది, అది ముందు చేసుకోవాలి. ఇన్నేళ్లలో నేను ఒక్కసారి కూడా చూడలేదు ఎందుకంటే ఆ డబ్బు ఎలాగూ ఇంటికే అనుకున్నాం.

అనుకున్నవి ఇవి. ఆయా ఖర్చు ఇద్దరి జీతాల నుంచి సగం సగం. ఆయన పని తెల్లవారుజామున మొదలవుద్ది, రైతులు చెరువులో ఆక్సిజన్ పడిపోయిందని అప్పుడే ఫోన్లు చేస్తారు, కాబట్టి పొద్దున్న బాబు నాది, ఆయాకి అప్పగించి కంపెనీ వ్యాన్ ఎక్కుతాను. మధ్యాహ్నం మూడు తర్వాత ఆయన ఫోన్లు తగ్గుతాయి కాబట్టి నాలుగు నుంచి నేను వచ్చే వరకు బాబు ఆయనది, ఆయా నాలుగున్నరకి వెళ్తుంది కాబట్టి ఒక అరగంట ఇద్దరూ ఉంటారు, అప్పుడు బాబు ఏం తాగాడు ఏం పడుకున్నాడు అని ఆయనకే చెప్తుంది. నేను చేరిన మొదటి వారం ఆయన లీవు పెడతానన్నారు, మేనేజర్ ఒప్పుకుంటాడో లేదో తెలీదు, సీజను నడుస్తోంది. వంట రాత్రిపూట ఒకే కూర. ఇడ్లీ పిండి బయట కొంటాం, అత్తయ్య గారు వినగానే ఏమంటారో చూడాలి. అమలాపురం అత్త గారు చెప్పినట్టు ఆవిడని గంటల లెక్కన అడుగుతాం, అది ఆయనే ఫోన్ చేసి అడుగుతానన్నారు, నేను కాదు.

తేలని విషయం ఒకటి ఉంది. బాబుకి జ్వరం వస్తే ఎవరు ఆగాలి అనేదానికి కొబ్బరాకు గారు చెప్పిన మొదటి రోజు రెండో రోజు పద్ధతి అడిగాను, పంట పట్టుబడి టైములో కుదరదు అన్నారు. మా ల్యాబ్‌లో కంటైనర్ లోడ్ అయ్యే రోజు నేను లేకపోతే ఎగుమతి ఆగుద్ది, నాకూ కుదరదు అన్నాను. ఇద్దరం గట్టిగానే మాట్లాడుకున్నాం, ఇంకా నడుస్తోంది.

నర్సు_నరసాపురం
ఇద్దరికీ ఏ రోజులు కుదరవో క్యాలెండర్ మీద ముందే గుర్తు పెట్టండి. పట్టుబడి రోజు, లోడింగ్ రోజు నెలకి మూడు నాలుగు ఉంటాయి, అవి ఒకే రోజు పడవు కదా ఎప్పుడూ. మిగతా రోజుల్లో వంతులు వేసుకోండి. రెండూ ఒకే రోజు పడితే ఊళ్లో నుంచి ఎవరు రాగలరో ఇప్పుడే అడిగి పెట్టుకో, జ్వరం వచ్చిన రాత్రి కాదు.

షెడ్డు_సూపర్‌వైజర్
లంకగాలి గారూ, క్రెష్ గది కోసం కాగితం పెడితే మా షెడ్డు వాళ్లని కూడా కలపండి. తొమ్మిది మంది ఉన్నారు పసిపిల్లలున్నోళ్లు. కాంట్రాక్టరు తెలిస్తే తీసేస్తాడేమో అని నలుగురు భయపడుతున్నారు, పేర్లు పెట్టాలా, సంఖ్య మాత్రమే పెట్టాలా అని అడుగుతున్నారు. హెచ్‌ఆర్ గారూ మీరేమంటారు?

భీమవరం_హెచ్‌ఆర్
మొదటి కాగితంలో సంఖ్య మాత్రమే పెట్టండి, పిల్లల వయసులు పక్కన రాయండి. పర్మనెంటు వాళ్ల సంతకాలు కింద ఉండాలి, లంకగాలి గారూ మీరు, మీ ల్యాబ్‌లో ఇంకెవరైనా. కాపీ మీద అందినట్టు స్టాంపు వేయించుకోండి.

లంకగాలి
ల్యాబ్‌లో ఇంకో ఇద్దరు ఉన్నారు. జాయిన్ అయిన వారంలోనే రాసి ఇస్తాం. షెడ్డు గారూ, పిల్లల వయసులు మెసేజ్ పెట్టండి.